ఐదో గ్రూపు సాల్ట్ వస్తే: మంట రంగుతో, అవక్షేపంతో బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం తేల్చుకోవడం ఎట్టా

పొదిలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళుగా కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటున్నా. సాల్ట్ అనాలిసిస్‌లో పిల్లలు ఎక్కువ తప్పులు చేసేది రంగు రంగుల సాల్ట్‌ల్లో కాదు. కాపర్ వస్తే సాల్టే నీలంగా వుంటది, ఫెర్రిక్ వస్తే ఇటుక పొడి రంగు జిగురు అవక్షేపం దిగుతుంది, నికెల్ వస్తే ద్రావణమే ఆకుపచ్చగా కనపడతా వుంటది, వాటిని పట్టుకోవడం పెద్ద పని కాదు. దెబ్బ తగిలేది ఐదో గ్రూపులో. సాల్ట్ తెలుపు, ద్రావణం నీళ్ళలాగా, గ్రూపు అవక్షేపం తెలుపు, అందులో వుండేది బేరియమో స్ట్రాన్షియమో కాల్షియమో చూపుకి తెలీదు. ఈ మూడింటిని మంటతో, అవక్షేపంతో రెండు వైపులనుంచీ పట్టుకోవడం ఎట్టాగో, రికార్డులో ఏమని రాయాలో ఇక్కడ మొదటినుంచి చెప్తా.

పోయిన సంవత్సరం జరిగింది చెప్తే విషయం తొందరగా అర్థమవుతుంది. సెకండియర్ అమ్మాయి ఒకామెకి తెల్లటి స్ఫటికాల సాల్ట్ ఇచ్చా. చల్లటి నీళ్ళలోనే కరిగింది. బ్రౌన్ రింగ్ వచ్చింది కాబట్టి నైట్రేట్ అని తేల్చుకుంది, అంతవరకు బాగానే వుంది. తర్వాత ఫ్లేమ్ టెస్ట్ పెట్టి ఇటుక ఎరుపు అని రాసింది. ఐదో గ్రూపులో తెల్ల అవక్షేపం వచ్చింది, మంట కాల్షియం అంటోంది గదా అని పొటాషియం క్రోమేట్, అమ్మోనియం సల్ఫేట్ రెండూ వదిలేసి నేరుగా అమ్మోనియం ఆక్సలేట్ వేసింది, తెల్లగా దిగింది. కాల్షియం నైట్రేట్ అని రాసి తెచ్చింది. "సార్, ఫ్లేమూ అదే చెప్పింది, ఆక్సలేటూ అదే చెప్పింది, ఇంకెట్టా తప్పవుతుంది?" అని అడిగింది. నేనిచ్చింది స్ట్రాన్షియం నైట్రేట్. ఆ అమ్మాయి చూసినవి రెండూ నిజంగా చూసినవే, అబద్ధం ఏమీ రాయలేదు. అయినా జవాబు తప్పింది. ఎందుకు తప్పిందో కింద ఒక్కొక్కటిగా విప్పుతా.

ముందు నీళ్ళ సంగతి

మా వైపు బోరు నీళ్ళు గిన్నెలో కాస్తే అడుగున తెల్ల పొర కడతది, అది ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ అయిపోయినప్పుడు ట్యాపు నీళ్ళతోనే టెస్ట్ ట్యూబులు కడుగుతాం, అదే నీళ్ళతో సాల్ట్ కరిగిస్తాం, అదే నీళ్ళలో ఫ్లేమ్ టెస్ట్ తీగని ముంచుతాం. వేరే గ్రూపులకి ఇది పెద్దగా అడ్డం రాకపోవచ్చు కానీ కాల్షియం వున్నదా లేదా అని వెతుకుతా కాల్షియం వున్న నీళ్ళు వాడితే ఏమవుతుందో మీరే చూడండి. అందుకే ప్రతి బ్యాచ్‌కీ ముందుగా ఒక పని చేయిస్తా. ఒక టెస్ట్ ట్యూబులో ట్యాపు నీళ్ళు రెండు మిల్లీలీటర్లు, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ రెండు మిల్లీలీటర్లు తీసుకుని రెండింట్లోనూ అమ్మోనియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క, అమ్మోనియం ఆక్సలేట్ నాలుగైదు చుక్కలు వేసి ఐదు నిమిషాలు పక్కన పెట్టమంటా. బోరు నీళ్ళు పాలు కలిసినట్టు మసకబారుతాయి, డిస్టిల్డ్ వాటర్ తేటగా వుండాలి. అది కూడా మసకబారితే ఆ క్యాను పక్కన పెట్టేయండి.

డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే బ్యాటరీ షాపులో అమ్మే బ్యాటరీ వాటర్ తెచ్చుకోండి, ఇదే ఆక్సలేట్ పరీక్ష చేసి తేటగా వుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. తాగే ఆర్‌వో క్యాను నీళ్ళు బోరు కన్నా మేలే కానీ పూర్తిగా నమ్మొద్దు, వాటిలో ఉప్పులు రవ్వంత మిగిలే వుంటాయి. ట్యూబులు మొదట ట్యాపు నీళ్ళతో కడిగినా పర్లేదు, చివర్లో మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తొలిచి పారబోయాలి.

ఫ్లేమ్ టెస్ట్

ప్లాటినం తీగ వుంటే అదే మంచిది, చాలా కాలేజీల్లో నిక్రోమ్ తీగే వుంటది, దాంతోనూ పని జరుగుతుంది. తీగ ఒక గాజు కడ్డీకి అతికించి వుంటది గదా, ఆ గాజు మంటలోకి పోకుండా చూసుకోండి. గాజులో సోడియం వుంటది కాబట్టి అది వేడెక్కితే మంట పసుపు పచ్చగా అయిపోతుంది. తీగ లేదని కొందరు గాజు కడ్డీ కొసతోనే పేస్టు తీసి మంటలో పెడతారు, వాళ్ళకి ఏ సాల్ట్ ఇచ్చినా సోడియమే కనపడతది.

బర్నర్ గాలి రంధ్రం తెరిచి మంట నీలంగా వచ్చేదాకా సర్దండి. పసుపు మంటలో ఏ రంగూ తేలదు. వాచ్ గ్లాసులో గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఐదారు చుక్కలు పోసుకోండి, పొగ వస్తది, ముఖం దగ్గర పెట్టుకోవద్దు, కళ్ళద్దాలు వుంటే పెట్టుకోండి. తీగని అందులో ముంచి మంటలో ఎర్రగా కాల్చండి, మళ్ళీ ముంచండి, మళ్ళీ కాల్చండి. మంట రంగు మారకుండా నీలంగానే నిలిచేదాకా ఇట్టా చెయ్యాలి. మూడుసార్లతో అయిపోవచ్చు, పాత తీగైతే పదిసార్లు కూడా పడుతుంది. ఇక్కడ విసుక్కుంటే తర్వాత చూసిన ఏ రంగుకీ విలువుండదు. శుభ్రమయ్యాక తీగ కొసని వేలితో ముట్టుకోవద్దు, చెమటలో వుండే ఉప్పు చాలు మంట పసుపవడానికి.

సోడియం ఎంత తక్కువున్నా కనపడతదో ఒక పాత ప్రయోగం చెప్తుంది. 1860లో బున్సెన్, కిర్కాఫ్ ఇద్దరూ ఒక గదిలో దూరంగా ఒక మూల మూడు మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్ పేల్చారు. కొన్ని నిమిషాలకి ఇంకో వైపున వున్న మంటలో సోడియం పసుపు గీత కనిపించింది. గది గాలిలో కలిసిపోయిన ఆ కాస్తకే అట్టా పట్టించింది. కాబట్టి మీ మంటలో కాసేపు పసుపు మెరిస్తే సాల్ట్‌లో సోడియం వుందని రాసేయొద్దు. సోడియం సాల్ట్ అయితే బంగారు పసుపు బలంగా వచ్చి చాలాసేపు తగ్గకుండా నిలుస్తది, మలినం అయితే మొదట్లో మెరిసి పలచబడతది, వెనక వేరే రంగు బయటికొస్తది.

ఇప్పుడు ఇంకో శుభ్రమైన వాచ్ గ్లాసులో కందిగింజంత సాల్ట్ తీసుకుని గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ రెండు మూడు చుక్కలతో పేస్టు చేయండి. ఆసిడ్ ఎందుకంటే, ఆ లోహం క్లోరైడ్‌గా మారాలి, క్లోరైడ్లు మంట వేడికి తేలిగ్గా ఆవిరవుతాయి. సల్ఫేట్‌లు, ఆక్సైడ్‌లు అంత తేలిగ్గా ఆవిరవ్వవు, రంగు కూడా సరిగ్గా రాదు. తీగ కొసకి పేస్టు తగిలించి మంట కింది భాగంలో అంచు దగ్గర పెట్టండి, నడిమధ్యలో పెట్టొద్దు, అక్కడ వేడి తక్కువ. కిటికీలు మూసి లైట్లు ఆర్పండి, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే బల్ల మీద చేస్తే సగం రంగు కనపడదు.

ఇక రంగులు. పుస్తకంలో కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం క్రిమ్సన్ ఎరుపు, బేరియం యాపిల్ ఆకుపచ్చ అని వుంటది, అందరూ బట్టీ పట్టేస్తారు. కానీ ఇటుక ఎరుపుకీ క్రిమ్సన్‌కీ తేడా మాటల్లో నేర్చుకుంటే రాదు. నా లెక్కలో రంగు కన్నా ఆ రంగు ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు నిలిచింది అన్నది బాగా పట్టిస్తుంది. కాల్షియం తీగ పెట్టిన వెంటనే నారింజ కలిసిన ఎరుపుగా ఒక్కసారి మెరిసి పోతుంది, మళ్ళీ కావాలంటే మళ్ళీ ఆసిడ్‌లో ముంచాలి. స్ట్రాన్షియం ఎరుపు దానికన్నా చిక్కగా, కుంకుమ రంగు మంటలో కలిపినట్టు వుంటది, నాలుక చాపినట్టు పైకి లేస్తది, ఎక్కువసేపు నిలుస్తది, ఆసిడ్ చుక్క తగిలించిన ప్రతిసారీ అదే చిక్కదనంతో తిరిగొస్తది. బేరియం తొందరపడదు. మొదట పసుపు మెరిసి పోతుంది, పిల్లలు ఏమీ రాలేదని తీగ తీసేస్తారు, అక్కడే పోగొట్టుకుంటారు. తీగ బాగా ఎర్రగా కాలేదాకా ఆగితే లేత పసుపు కలిసిన ఆకుపచ్చ వస్తది, వచ్చాక నిలుస్తది.

కోబాల్ట్ నీలం గాజు వుంటే తప్పకుండా దాంట్లోంచి కూడా చూడండి. అది 589 నానోమీటర్ల దగ్గరుండే సోడియం పసుపుని మింగేస్తది కాబట్టి దాని వెనక దాక్కున్నది బయటపడతది. ఆ గాజులోంచి కాల్షియం మంట లేత ఆకుపచ్చగా, స్ట్రాన్షియం ఊదాగా, బేరియం నీలం కలిసిన ఆకుపచ్చగా కనపడతాయి. ఎరుపు మంట ఆకుపచ్చగా కనపడటం వింతగా అనిపిస్తది గానీ కారణముంది. కాల్షియం మంటలో రంగు ఎక్కువగా వచ్చేది ఒంటరి కాల్షియం పరమాణువులనుంచి కాదు, మంటలో క్షణకాలం ఏర్పడే CaOH లాంటి వాటినుంచి, అవి నారింజ ఎరుపుతో పాటు 554 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చని కూడా విడుదల చేస్తాయి, మామూలు కంటికి ఎరుపు ఆకుపచ్చని కప్పేస్తది, నీలం గాజు ఆ ఎరుపు నారింజని చాలావరకు ఆపి ఆకుపచ్చని చూపిస్తది. రెండు ఎరుపుల మధ్య తేల్చుకోలేకపోతే ఈ గాజు చాలా పని చేస్తది.

ఆ అమ్మాయి చేత మళ్ళీ చేయించినప్పుడు ముందు సాల్ట్ లేకుండా ఉత్త తీగని ఆసిడ్‌లో ముంచి కాల్చమన్నా. ఒట్టి తీగే నారింజ ఎరుపుగా మెరిసింది. తీగని ప్రతిసారీ ట్యాపు నీళ్ళలో ముంచి కడుగుతా వచ్చింది, ఆ నీళ్ళు కొస మీద ఆరి ఆరి పొర కట్టింది, కాల్షియం మెరుపు అక్కడిది. ఏడుసార్లు ఆసిడ్‌లో కాల్చాక తీగ శుభ్రమైంది. తర్వాత సాల్ట్ పేస్టు పెడితే చిక్కటి ఎరుపు, నీలం గాజులోంచి ఊదా. పక్కనే తెలిసిన కాల్షియం క్లోరైడ్ పేస్టుతో ఇంకో తీగ పెట్టి చూపించా. రెండూ పక్కపక్కన చూశాక "సార్, ఇవి రెండూ ఒకటే ఎట్టా అనుకున్నానో" అంది. మీరు కూడా ల్యాబ్‌లో తెలిసిన సాల్ట్‌లు మూడూ పెట్టుకుని మీ సాల్ట్‌తో పోల్చి చూసుకోండి, అడిగితే సార్ వాళ్ళు ఇస్తారు.

గ్రూపులు దాటుకుంటూ ఐదో గ్రూపుకి

ద్రావణం కోసం పావు చెంచా కన్నా తక్కువ సాల్ట్‌ని అయిదారు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. చల్లటి నీళ్ళలో కరక్కపోతే వేడి నీళ్ళు, అప్పటికీ కరక్కపోతే సజల హైడ్రోక్లోరిక్ ఆసిడ్. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో మాత్రం కరిగించొద్దు, బేరియం, స్ట్రాన్షియం వుంటే అక్కడే సల్ఫేట్‌గా అడుక్కి పోతాయి, ద్రావణంలో వెతకడానికి ఏమీ మిగలదు.

మొదటి నాలుగు గ్రూపులు వరుసగా చూసుకుంటూ రావాలి. సజల హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో తెల్లగా దిగితే లెడ్. ఆసిడ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే నల్లగా దిగితే లెడ్ లేదా కాపర్. అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌తో తెల్లటి జిగురు అయితే అల్యూమినియం, ఎర్ర గోధుమ జిగురు అయితే ఫెర్రిక్. ఆ క్షార ద్రావణంలో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే తెలుపు జింక్, లేత చర్మం రంగు మాంగనీస్, నలుపు నికెల్ లేదా కోబాల్ట్. ఒకే సాల్ట్ కాబట్టి ఒక గ్రూపు రాకపోతే తర్వాతి గ్రూపుకి అసలు ద్రావణం మళ్ళీ కొత్తగా తీసుకోవచ్చు. పాత దాన్నే మోసుకుపోవాల్సిన పని లేదు, మోసుకుపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ మిగిలి వుండి నైట్రిక్ ఆసిడ్ తగిలినప్పుడు సల్ఫేట్‌గా మారి బేరియంని దారిలోనే దించేసే ప్రమాదం కూడా వుంది.

మూడో గ్రూపు దగ్గర ఒక మాయ వుంది. అమ్మోనియం హైడ్రాక్సైడ్ సీసా మూత సరిగ్గా లేకుండా నెలల తరబడి వుంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటది, అంటే అందులో కార్బొనేట్ చేరినట్టే. అప్పుడు మీ ఐదో గ్రూపు సాల్ట్ మూడో గ్రూపులోనే తెల్లగా దిగి అల్యూమినియం అనిపిస్తది. తేడా ఎట్టా తెలుస్తుందంటే, అల్యూమినియం హైడ్రాక్సైడ్ గంజి తెట్టులాగా జిగురుగా, వెనక వెలుతురు కనపడేట్టు తేలతా వుంటది, కార్బొనేట్ సుద్దపొడిలాగా వుండి అడుక్కి దిగుతుంది. అనుమానమొస్తే దాని మీద సజల ఆసిడ్ ఒక చుక్క వేయండి, బుసబుసమని బుడగలొస్తే కార్బొనేట్, ఊరికే కరిగిపోతే హైడ్రాక్సైడ్.

ఐదో గ్రూపుకి అసలు ద్రావణం రెండు మిల్లీలీటర్లు తీసుకుని అమ్మోనియం క్లోరైడ్ చిటికెడు వేసి కరిగించండి, అమ్మోనియం హైడ్రాక్సైడ్ ఘాటు వాసన తెలిసేదాకా వేయండి, అప్పుడు అమ్మోనియం కార్బొనేట్ ద్రావణం వేయండి. అమ్మోనియం క్లోరైడ్ ఎందుకంటే అది కార్బొనేట్ అయాన్ల మోతాదుని తగ్గించి వుంచుతుంది, అందువల్ల ఆరో గ్రూపు మెగ్నీషియం ఇక్కడ అడ్డం పడి దిగదు. తెల్ల అవక్షేపం వస్తది. కాస్త వెచ్చబెడితే గింజకట్టి బాగా దిగుతుంది గానీ మరిగించొద్దు, అమ్మోనియం కార్బొనేట్ 60 డిగ్రీలు దాటేసరికే విడిపోయి ఎగిరిపోతుంది, మరుగుతున్న అమ్మోనియం క్లోరైడ్‌లో వచ్చిన అవక్షేపం కూడా కొంత తిరిగి కరిగిపోతుంది. అవక్షేపం రావాల్సిన చోట రాకపోతే కార్బొనేట్ ద్రావణం పాతదేమో చూడండి, ఆ పొడి మూత తీసి వుంచితే అమ్మోనియా పోగొట్టుకుని బలం తగ్గిపోతుంది. ఆ రోజుకి ఆ రోజు కలుపుకుంటే మంచిది.

అవక్షేపాన్ని వడకట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడగండి. ఇక్కడ ఫిల్టర్ పేపర్ మీదనుంచి రవ్వంత అవక్షేపం పక్కన దాచుకోండి. దాన్ని ఆసిడ్‌తో పేస్టు చేసి ఫ్లేమ్ టెస్ట్ ఇంకోసారి పెట్టొచ్చు, సోడియం చాలావరకు వడిసిపోయి వుంటది కాబట్టి మొదటిసారి కన్నా శుభ్రమైన రంగు వస్తది.

క్రోమేట్, సల్ఫేట్, ఆక్సలేట్, ఈ వరుసలోనే

మిగతా అవక్షేపం మీద సజల ఎసిటిక్ ఆసిడ్ వేడి చేసి కొంచెం కొంచెంగా పోసి కరిగించండి. బుడగలు ఆగేదాకా మరిగించి ఆ ద్రావణాన్ని మూడు ట్యూబుల్లోకి పంచుకోండి. ఎసిటిక్ ఆసిడ్ బదులు హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కరిగిస్తే తొందరగా కరుగుద్ది కదా అనుకుంటారు, ఆ తొందర వల్లే తర్వాతి పరీక్ష పాడవుతుంది.

మొదటి ట్యూబులో పొటాషియం క్రోమేట్ నాలుగు చుక్కలు వేయండి. బేరియం అయితే లేత పసుపు అవక్షేపం వెంటనే వస్తది. ఎసిటిక్ ఆసిడ్ పని ఇక్కడుంది. ఆసిడ్‌లో క్రోమేట్ కొంత డైక్రోమేట్‌గా మారుతుంది, మిగిలిన కాస్త క్రోమేట్ బేరియంని దించడానికి సరిపోతుంది, స్ట్రాన్షియంని దించడానికి చాలదు. ఆసిడ్ లేకుండా చేస్తే గాఢంగా వున్న స్ట్రాన్షియం కూడా పసుపుగా దిగి బేరియంలా నటిస్తది. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ లాంటి బలమైన ఆసిడ్ వుంటే క్రోమేట్ దాదాపు అంతా డైక్రోమేట్ అయిపోయి ద్రావణం నారింజ రంగుకి తిరిగి బేరియం కూడా దిగదు. రెండింటికీ నడిమధ్యన నిలబెట్టేది ఎసిటిక్ ఆసిడే. ఇంకో తప్పు, క్రోమేట్ ద్రావణమే పసుపు కాబట్టి ట్యూబు పసుపయ్యిందని బేరియం రాసేస్తారు. ట్యూబు వెనక పుస్తకం అక్షరాలు పెట్టి చూడండి. చదవగలిగితే అది ఒట్టి పసుపు ద్రావణం, అక్షరాలు మూసుకుపోతే అవక్షేపం.

బేరియం లేకపోతేనే రెండో ట్యూబు. క్రోమేట్ వేసిన ట్యూబులోనే కొనసాగించొద్దు, పసుపులో తెలుపు కనపడదు. అమ్మోనియం సల్ఫేట్ ఒక మిల్లీలీటరు వేసి వెచ్చబెట్టి గాజు కడ్డీతో ట్యూబు లోపలి గోడని గీకండి, ఐదు పది నిమిషాలు ఆగండి. స్ట్రాన్షియం సల్ఫేట్ బద్ధకంగా దిగుతుంది, వేసిన వెంటనే రాలేదని లేదని రాసేస్తే పోయింది. ఈ పరీక్ష ఎందుకు పని చేస్తుందో చూడండి, మామూలు వేడిలో లీటరు నీళ్ళకి కాల్షియం సల్ఫేట్ సుమారు రెండు గ్రాములు కరుగుతుంది, స్ట్రాన్షియం సల్ఫేట్ సుమారు 0.13 గ్రాములు, బేరియం సల్ఫేట్ రెండున్నర మిల్లీగ్రాముల దాకా. అంటే ద్రావణం పలచగా వుంటే కాల్షియం దిగకుండా స్ట్రాన్షియం మాత్రం దిగుతుంది. ద్రావణం మరీ చిక్కగా వుంటే కాల్షియం కూడా తెల్లగా దిగొచ్చు, అందుకే పావు చెంచా కన్నా తక్కువ సాల్ట్ అన్నా.

నాకు బాగా నచ్చే ఇంకో పరీక్ష జిప్సం నీళ్ళది. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటే. పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో బాగా కలిపి, కరగనిది అడుక్కి దిగాక పైతేట తీసుకుంటే అందులో సల్ఫేట్ చాలా తక్కువ, ఒకే మోతాదులో వుంటది. మీ ద్రావణంలో దీన్ని పోస్తే బేరియం వెంటనే తెల్లగా దిగుతుంది, స్ట్రాన్షియం కొన్ని నిమిషాలకి మసకగా మొదలవుతుంది, కాల్షియం ఎంతసేపున్నా రాదు. గడియారం చూసుకుంటా ఒకే సీసాతో మూడింటినీ విడదీయొచ్చు. మెయిన్ పరీక్షలతో పాటు దీన్ని కూడా చేస్తే అనుమానం వుండదు.

స్ట్రాన్షియం కూడా లేకపోతేనే మూడో ట్యూబు. అమ్మోనియం ఆక్సలేట్, అమ్మోనియం హైడ్రాక్సైడ్ వేస్తే తెల్లటి కాల్షియం ఆక్సలేట్. ఆ అమ్మాయి ఇక్కడే పడింది. ఆక్సలేట్‌తో స్ట్రాన్షియం కూడా తెల్లగా దిగుతుంది, చిక్కగా వుంటే బేరియం కూడా దిగుతుంది. అంటే ఆక్సలేట్ పరీక్ష తనంతట తాను కాల్షియంని నిరూపించదు, ముందు రెండూ లేవని తేలాక మిగిలింది కాల్షియమని మాత్రమే చెప్తుంది. మళ్ళీ చేసినప్పుడు ఆ సాల్ట్‌కి క్రోమేట్‌తో ట్యూబు పసుపుగా, అక్షరాలు చదవగలిగేట్టు తేటగా వుండిపోయింది, సల్ఫేట్‌తో గీకాక ఏడో నిమిషానికి తెల్లగా దిగింది, జిప్సం నీళ్ళతో వెంటనే ఏమీ రాకుండా కాసేపటికి మసకబారింది. ఇక మూడో ట్యూబు ముట్టుకోనవసరమే లేదు.

రికార్డులో రాయడం

రికార్డులో పరీక్ష, పరిశీలన, నిర్ధారణ అని మూడు గళ్ళు వుంటాయి. పరిశీలన గడిలో అయాన్ పేరు రాయొద్దు. "స్ట్రాన్షియం అవక్షేపం వచ్చింది" అని రాస్తే అది పరిశీలన కాదు, "వెచ్చబెట్టి గీకిన కొంతసేపటికి తెల్ల అవక్షేపం" అనేది పరిశీలన. రాకపోయిన గ్రూపులకి "అవక్షేపం లేదు" అని ఒక్కో వరుస రాయండి, వదిలేయొద్దు, బేరియం రాలేదన్న వరుస లేకపోతే స్ట్రాన్షియం వరుసకి బలం లేదు. ఫ్లేమ్ టెస్ట్‌కి "చిక్కటి ఎరుపు, కొంతసేపు నిలిచింది, నీలం గాజులో ఊదా" అని రాసి, నిర్ధారణలో "స్ట్రాన్షియం కావచ్చు" అని రాయండి, మంట దారి చూపిస్తది అంతే, ఖాయం చేసేది తర్వాతి పరీక్ష. సమీకరణాలు ఈ సాల్ట్‌కి ఇవి చాలు:

```
Sr(NO3)2 + (NH4)2CO3 → SrCO3↓ + 2NH4NO3
SrCO3 + 2CH3COOH → (CH3COO)2Sr + H2O + CO2↑
(CH3COO)2Sr + (NH4)2SO4 → SrSO4↓ + 2CH3COONH4
```

సల్ఫేట్ అవక్షేపం వచ్చాక దాన్ని తీసుకుని మంటలో పెట్టి చూద్దామని కొందరు ఉత్సాహపడతారు, సరిగ్గా రాదు, సల్ఫేట్ ఆవిరవ్వడం కష్టం కాబట్టి. అందుకే కార్బొనేట్ అవక్షేపం రవ్వంత దాచుకోమన్నా.

అయిపోయాక క్రోమేట్ వేసిన ట్యూబుల్ని సింకులో పారబోయొద్దు. ఆ క్రోమియం క్యాన్సర్ తెచ్చే రకం, కాలువలో పడితే ఎక్కడికి పోతుందో మనకి తెలీదు, ఒక సీసా మీద చీటీ అంటించి అందులో పోసి ల్యాబ్‌లో అప్పజెప్పండి. బేరియం క్లోరైడ్, బేరియం నైట్రేట్ కడుపులోకి పోతే విషం, కాబట్టి ఆ సాల్ట్ పట్టుకున్న చేతులతో జేబులో వేరుశనక్కాయలు తీసి తినడం లాంటివి చెయ్యొద్దు, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే. ఆ చేతులు కడగడానికి బోరు నీళ్ళు చాలు.